చేరగానే ఫోన్ చేస్తా: ఇంగ్లీషులో ఎన్ని విల్‌లు పట్టాలి?

రాత్రి బస్సెక్కి ఇంటికి పెట్టే మెసేజ్‌లోనూ, ఆఫీసులో క్లయింటుకు రాసే మెయిల్‌లోనూ మనవాళ్ల ఇంగ్లీషులో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది. "వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యూ." చదివినవాళ్లకు అర్థమవుతుంది. కానీ అందులో ఉన్న రెండు విల్‌లలో మొదటిది ఉండకూడదు. "వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యూ" అనాలి. చేరడం, ఫోన్ చేయడం రెండూ రేపటి పనులే అయినా, విల్ పడేది ఫోన్ చేయడానికి మాత్రమే.

నియమం చిన్నదే. ఒక పని ఎప్పుడు జరుగుతుందో చెప్పడానికి వెన్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, వన్స్, బై ది టైమ్ లాంటి మాటలతో ఒక చిన్న వాక్యాన్ని తగిలిస్తాం. అలా తగిలించిన భాగంలో, సంగతి భవిష్యత్తుదైనా, క్రియ వర్తమాన రూపంలోనే ఉంటుంది. విల్ ప్రధాన వాక్యానికే చెందుతుంది. ఇది చాలా మంది బడిలో విన్నదే. విన్నా చేతికి అలవాటు కాలేదంటే, కారణం చెప్పకుండా నియమాన్ని మాత్రమే అప్పజెప్పడం వల్లేనని నా నమ్మకం.

కారణం ఇది. విల్ అనేది రేపటికి తగిలించే ముద్ర మాత్రమే కాదు. "ఇది జరుగుతుంది అంటున్నాను, మాట ఇస్తున్నాను, అంచనా వేస్తున్నాను" అనే భావం కూడా అందులో ఉంటుంది. "ఐ విల్ కాల్ యూ" అన్నప్పుడు మీరు మాట ఇస్తున్నారు. "వెన్ ఐ రీచ్" అన్నప్పుడు ఏ మాటా ఇవ్వడం లేదు, అంచనా కూడా వేయడం లేదు. చేరడం ఎలాగూ జరిగేదే అని లెక్కలోకి తీసుకుని, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని, ఫోన్ దాని తర్వాత అంటున్నారు. దారి చెప్పేవాడు "గుడి దాటాక కుడికి తిరుగు" అంటాడు. గుడి అక్కడ ఉంటుందా ఉండదా అన్నది అతను చెప్పే విషయం కాదు, తిరగడం ఎక్కడన్నదే విషయం. ఇంగ్లీషు కూడా ఆనవాలుగా వాడుకున్న పనికి విల్ పెట్టదు.

మరి మనకు ఆ రెండో విల్ ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగు నుంచి వచ్చిందని సులువుగా అనేస్తారు. అది నిజం కాదు. "చేరగానే ఫోన్ చేస్తాను" అన్న వాక్యాన్నే చూడండి. "చేస్తాను"లో కాలం ఉంది. "చేరగానే"లో ఏ కాలమూ లేదు. "నిన్న చేరగానే ఫోన్ చేశాను", "రేపు చేరగానే ఫోన్ చేస్తాను", "రోజూ చేరగానే ఫోన్ చేస్తాను" అని మూడు కాలాలకూ అదే మాట సరిపోతుంది. కాలం చెప్పే బాధ్యతంతా వాక్యం చివరి క్రియదే. "చేరిన తర్వాత ఫోన్ చేస్తాను" అన్నప్పుడైతే ఇంకా విచిత్రం. చేరడం రేపు జరిగేదే, అయినా వాడిన రూపం "చేరిన". రేపటి సంగతి కదా అని "చేరబోయే తర్వాత" అని ఎవరూ అనరు.

అంటే రేపటి పనిని ఆనవాలుగా పెట్టుకునేటప్పుడు దానికి భవిష్యత్ ముద్ర వేయకపోవడమన్నది తెలుగుకూ, ఇంగ్లీషుకూ ఉమ్మడి లక్షణం. తేడా ఒక్కటే. తెలుగు ఆ క్రియను అసమాపకంగా వదిలేయగలదు. ఇంగ్లీషులో వెన్, దాని వెంట కర్త వచ్చాక క్రియకు ఏదో ఒక కాలం తప్పదు కాబట్టి, వర్తమానాన్ని పెట్టి సరిపెడుతుంది. అన్ని భాషలూ ఇలా ఉండవు. హిందీలో "జబ్ మై పహుంచూంగా, తబ్ ఫోన్ కరూంగా" అంటారు, రెండు చోట్లా భవిష్యత్తే. ఫ్రెంచిలోనూ అంతే. హిందీవాళ్లు ఇంగ్లీషులో రెండు విల్‌లు పెడితే అది వాళ్ల భాష నుంచి నేరుగా దిగిన అలవాటు. మనకు ఆ అవసరం లేదు. "చేస్తాను అంటే విల్ డూ" అని బడిలో బట్టీ పట్టిన సమీకరణమూ, చుట్టూ వినిపించే ఇంగ్లీషూ కలిసి మన నోటికి అలవాటు చేసిన తప్పు ఇది. రేపు అనగానే కనబడ్డ ప్రతి క్రియకూ విల్ తగిలించేస్తున్నాం.

కాబట్టి సరిచూసుకునేటప్పుడు తెలుగునే సాక్షిగా పిలవొచ్చు. అనుమానం వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో మామూలుగా ఎలా అంటారో అనుకుని చూడండి. వెన్ ఉన్న భాగం తెలుగులో "-గానే, -ాక, -ప్పుడు, -దాకా, -లోపు, -సరికి" అంటూ సగంలో ఆగితే అక్కడ విల్ తీసేయాలి. ఆ భాగంలో "వస్తాడు, అవుతుంది, చేస్తారు" లాంటి సమాపక క్రియ వినిపిస్తే, దాని చివర "ఓ" చేరి "వస్తాడో, అవుతుందో" అయినా సరే, విల్ ఉండనివ్వాలి.

రెండో సగం మొదటి సగమంత ముఖ్యం, ఎందుకంటే వెన్ పక్కన విల్ వచ్చిన ప్రతిసారీ తప్పు కాదు. "వెన్ విల్ యూ కమ్?" అన్నది ప్రశ్న. "ఎప్పుడు వస్తావు?" అంటాం, సమాపక క్రియ ఉంది, విల్ సరైనదే. "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్" అంటే "ఎప్పుడు వస్తాడో తెలియదు". అదీ సరైనదే. ఇక్కడ రాక ఆనవాలు కాదు, అది ఎప్పుడన్నదే తెలియని విషయం. తెలుగులో "వచ్చినప్పుడు" ఒక మాట, "ఎప్పుడు వస్తాడో" వేరే మాట. ఇంగ్లీషు రెండింటికీ వెన్ అనే ఒక్క మాటనే వాడుతుంది. ఆ తేడాను అక్కడ మోసేది విల్ ఉండటం, లేకపోవడం.

ఈ తేడా ఎంత పని చేస్తుందో ఒక్క వాక్యంలో చూపించొచ్చు. చదువు కోసం విదేశం వెళ్తున్న అమ్మాయి అక్కడి ఇంటి యజమానికి మెయిల్ రాస్తోందనుకుందాం. "ప్లీజ్ టెల్ మి వెన్ ది రూమ్ విల్ బి రెడీ" అని రాస్తే, "రూమ్ ఎప్పటికి సిద్ధమవుతుందో చెప్పండి" అని అర్థం. యజమాని తేదీ చెప్పాలి, అదీ ఇప్పుడే చెప్పాలి. "ప్లీజ్ టెల్ మి వెన్ ది రూమ్ ఈజ్ రెడీ" అని రాస్తే మామూలుగా వచ్చే అర్థం "సిద్ధమయ్యాక చెప్పండి" అని. యజమాని ఇప్పుడేమీ చెప్పనక్కర్లేదు. సున్నాలు, రిపేర్లు పూర్తయిన రోజున కబురు పెడితే చాలు. రెండు వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం లేదు. టికెట్ కొనడానికి తేదీ కావాల్సిన అమ్మాయి, వెన్ వెంట విల్ రాకూడదని సగం గుర్తుపెట్టుకుని రెండో వాక్యం పంపిందంటే, జవాబు కోసం ఇక్కడ ఆమె, పని పూర్తికావడం కోసం అక్కడ ఆయన ఎదురుచూస్తూ కూర్చుంటారు. "వెన్ తర్వాత విల్ రాదు" అని ఒక్క ముక్కలో చెప్పే పాఠం అందుకే నాకు నచ్చదు. అది తప్పు వాక్యాలతో పాటు సరైన వాక్యాలనూ చెరిపేస్తుంది.

అదే మెయిల్‌లో మిగతా వాక్యాలూ చూద్దాం. "వెన్ ఐ విల్ ల్యాండ్, ఐ విల్ కాల్ యూ" అని మొదలుపెట్టింది. తెలుగులో "దిగగానే ఫోన్ చేస్తాను". మొదటి విల్ పోతుంది, "వెన్ ఐ ల్యాండ్" మిగులుతుంది. ఆ తర్వాత "ప్లీజ్ కీప్ ది కీ విత్ యూ అంటిల్ మై బ్రదర్ విల్ కమ్" అని ఉంది. "మా అన్నయ్య వచ్చేదాకా తాళంచెవి మీ దగ్గరే ఉంచండి." ఇక్కడా విల్ పోవాలి. ఈ వాక్యంలో ప్రధాన భాగం విన్నపం కాబట్టి దానిలో విల్ లేనే లేదు. ఉన్న ఒకే ఒక్క విల్ తప్పు చోట ఉంది. రెండు విల్‌ల కోసం వెతికేవాళ్ల కంటికి ఇలాంటివి దొరకవు.

విల్ కొట్టేసి ఊరుకుంటే "అంటిల్ మై బ్రదర్ కమ్" మిగులుతుంది. అదీ తప్పే. విల్ వెనక క్రియ ముడిరూపంలో ఉంటుంది. విల్ పోయాక ఆ క్రియ కర్తకు తగ్గట్టు మారాలి. "మై బ్రదర్ కమ్స్" అనాలి. విల్ తీశాక ఈ చిన్న "స్" దగ్గర పొరపాటు జరగొచ్చు. ఒక తప్పును దిద్ది ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

మెయిల్‌లో తర్వాతి వాక్యం "ఐ విల్ పే ది డిపాజిట్ ఆఫ్టర్ మై బ్యాంక్ అకౌంట్ విల్ బి ఓపెన్డ్". బ్యాంకు ఖాతా తెరిచాక డిపాజిట్ కడతానని. విల్ ఒక్కటే తీస్తే "అకౌంట్ బి ఓపెన్డ్" అవుతుంది, అది నిలబడదు. బి మారి "ఈజ్" కావాలి. "ఆఫ్టర్ మై బ్యాంక్ అకౌంట్ ఈజ్ ఓపెన్డ్." కర్త బహువచనమైతే "ఆర్". ఆఫీసు రాతల్లో "వెన్ ది రిజల్ట్స్ విల్ బి రిలీజ్డ్", "వన్స్ ది పేమెంట్ విల్ బి రిసీవ్డ్" అని కర్మణి వాక్యాలు కోకొల్లలు కాబట్టి విల్ బి కనిపించిన చోటల్లా ఒక్క క్షణం ఆగాలి. "విల్ బి ఏబుల్ టు" ఉంటే దాన్ని "కెన్" చేస్తే తేలిగ్గా తెగిపోతుంది. "విల్ హావ్" ఉంటే కర్తను బట్టి "హావ్" గానీ "హాజ్" గానీ.

ఆ తర్వాత ఆమె రాసింది "ఐ డోంట్ నో వెన్ మై బ్యాగ్స్ విల్ అరైవ్" అని. పై మూడు వాక్యాలనూ దిద్దిన ఊపులో దీన్నీ దిద్దేయాలనిపిస్తుంది. తెలుగులో అడిగి చూస్తే "నా సామాను ఎప్పుడొస్తుందో తెలియదు". "వస్తుందో" వినిపించింది కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

చివరి వాక్యం కాస్త లోతైనది. "ది ఏజెంట్ సెడ్ హి వుడ్ సెండ్ ది పేపర్స్ వెన్ హి వుడ్ గెట్ దెమ్." విల్ అన్న మాటే లేదు కాబట్టి తప్పు లేదనిపిస్తుంది. ఏజెంటు ఆ రోజు అన్నది "నాకు అందగానే కాగితాలు పంపిస్తాను" అని. దాన్ని మరొకరికి చెప్పేటప్పుడు విల్ కాస్తా వుడ్ అవుతుంది. అసలు మాటలో అందడానికి విల్ లేదు కదా, మరి చెప్పిన మాటలో వుడ్ ఎక్కడి నుంచి వస్తుంది? వర్తమానం భూతమవుతుంది, అంతే. "హి సెడ్ హి వుడ్ సెండ్ ది పేపర్స్ వెన్ హి గాట్ దెమ్." మీటింగ్‌లో ఎవరేమన్నారో నమోదు చేసే మినిట్స్‌లోనూ, ఫిర్యాదు లేఖల్లోనూ ఈ రెండో వుడ్ విరివిగా దొరుకుతుంది. తప్పు అదే, వేషం మారింది.

విల్ తీసేశాక వర్తమానం అంటే మామూలు వర్తమానం ఒక్కటేనా అన్నది తర్వాతి ప్రశ్న. చేరడం, దిగడం, రావడం క్షణంలో అయిపోయే పనులు. వాటికి "వెన్ ఐ రీచ్" చాలు. తినడం, చదవడం, రిపోర్టు రాయడం కాసేపు సాగే పనులు. "వెన్ ఐ ఈట్, ఐ విల్ కాల్ యూ" అంటే వినేవాళ్లకు తింటూ ఫోన్ చేస్తాడా, తిన్నాక చేస్తాడా అన్నది తేలదు. తెలుగులో మనకు ఆ ఇబ్బంది లేదు. "తినేటప్పుడు" వేరు, "తిన్నాక" వేరు. "తిన్నాక" అని చెప్పాలంటే ఇంగ్లీషులో "వెన్ ఐ హావ్ ఈటెన్" అనాలి. "తినేటప్పుడు" అయితే "వైల్ ఐ యామ్ ఈటింగ్". ఆఫ్టర్ వాడితే ముందు ఏది, తర్వాత ఏది అన్నది ఆ మాటే చెప్పేస్తుంది కాబట్టి హావ్ ఉన్నా లేకున్నా నష్టం లేదు. వెన్ వాడినప్పుడే ఈ జాగ్రత్త. మరొక్క మాట, "రీచ్" తర్వాత ఎక్కడికన్నది చెప్పడం ఇంగ్లీషువాళ్ల అలవాటు. "వెన్ ఐ రీచ్ హోమ్" అంటారు. చోటు చెప్పనక్కర్లేనప్పుడు "వెన్ ఐ గెట్ దేర్" అంటారు. ఒంటరి రీచ్ మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిపోయింది. దాన్ని తప్పని దిద్దేవాళ్లున్నారు గానీ, నేనైతే విల్ అంత పెద్ద విషయంగా చూడను.

ఇఫ్ సంగతీ ఇలాంటిదే. "వర్షం వస్తే" అనే చేదర్థకానికి విల్ లేదు, "ఇఫ్ ఇట్ రెయిన్స్". "వర్షం వస్తుందో రాదో తెలియదు" అన్నప్పుడు "ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్", విల్ ఉంటుంది. తెలుగు సాక్ష్యం ఇక్కడా నిలబడుతుంది.

నిలబడని చోటు కూడా చెప్పాలి. వెన్‌కు ముందు "డే, టైమ్, ఇయర్" లాంటి కాలవాచక నామం ఉండి, వెన్ ఆ నామాన్ని వర్ణిస్తుంటే తెలుగు పరీక్ష మోసం చేస్తుంది. "ది డే విల్ కమ్ వెన్ వుయ్ విల్ మీట్ అగైన్" అన్న వాక్యాన్ని తెలుగులో "మనం మళ్లీ కలిసే రోజు వస్తుంది" అంటాం. "కలిసే" సమాపక క్రియ కాదు కాబట్టి విల్ తీసేయాలనిపిస్తుంది. కానీ ఇక్కడ విల్ ఉండొచ్చు. వెన్ ముందర రోజో సంవత్సరమో ఉంటే దాన్ని వేరే లెక్కగా చూడాలి. కామా తర్వాత వచ్చే వెన్ కూడా కొన్నిసార్లు ఇలాంటిదే. "ఐ విల్ బి ఇన్ విజయవాడ ఆన్ మండే, వెన్ ఐ విల్ మీట్ ది ఆడిటర్" అంటే "సోమవారం విజయవాడలో ఉంటాను, అప్పుడు ఆడిటర్‌ను కలుస్తాను". ఇక్కడ మాత్రం తెలుగే దారి చూపుతుంది. "కలుస్తాను" వినిపించింది, విల్ ఉంటుంది. పాత ఇంగ్లీషు చదివేవాళ్లకు మరో అనుమానం రావొచ్చు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో వెన్ వెంట షల్ తరచుగా కనిపిస్తుంది. అది ఆనాటి వాడుక. ఇప్పటి మెయిల్‌కు దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు.

పెద్ద పత్రాన్ని సరిచూడాలంటే వెన్ కోసం వెతకడం కన్నా విల్ కోసం వెతకడం మేలు. కారణం, ఆనవాలు మాటలు చాలా ఉన్నాయి. వెన్‌ను పట్టుకుంటే అంటిల్, వన్స్, యాజ్ సూన్ యాజ్ జారిపోతాయి. ఫైండ్ పెట్టెలో `will` అని కొట్టి పూర్తి పదాన్నే వెతకమనండి. తర్వాత పూర్తి పదం షరతు తీసేసి కుదించిన రూపం `'ll`, ఆ తర్వాత `would`. దొరికిన ప్రతి చోటా ఎడమవైపుకు వెళ్లి ఆ విల్ కర్త ఎవరో చూడండి. ఆ కర్తకు ముందు ఏ మాట ఉందో చూడండి. ఆనవాలు మాట ఉంటేనే తెలుగు పరీక్ష పెట్టండి, లేకపోతే ముందుకు సాగండి. కర్తను పట్టుకోవడం ఎందుకంటే, విల్ ఒక్కోసారి మధ్యలో దూరిన వేరే వాక్యానికి చెందుతుంది. "వెన్ ది స్టూడెంట్స్ హూ విల్ జాయిన్ ఇన్ జులై అరైవ్" అన్న దాంట్లో విల్ ఉన్నది "జులైలో చేరబోయే" అన్న ముక్కలో. వెన్‌కు చెందిన క్రియ చివరనున్న "అరైవ్", దానికి విల్ లేనే లేదు. అందులో దిద్దాల్సిందేమీ లేదు.

దిద్దాక ప్రధాన వాక్యాన్ని మరోసారి చదవాలి. విల్ భయం పట్టుకున్నవాళ్లు రెండోదాన్ని కూడా తీసేసి "వెన్ ఐ రీచ్ హోమ్, ఐ కాల్ యూ" అని రాస్తారు. దానికి అర్థం "ఇంటికి చేరినప్పుడల్లా నీకు ఫోన్ చేస్తుంటాను" అని. "చేస్తాను" అన్న ఒక్క రూపంతో రోజువారీ అలవాటునీ, రేపటి పనినీ రెండింటినీ చెప్పేయగలం కాబట్టి మన చెవికి ఇందులో తేడా వినిపించదు. ఈ రాత్రి చేయబోయే ఫోన్ గురించే చెప్పాలంటే ఆ రెండో విల్ అక్కడే ఉండాలి.